మునిగిపోయిన ఊళ్ళో మా అవ్వ పుట్టిల్లు: ఫోన్లో గీయించొచ్చా?

ఆత్మకూరు_అబ్బి
మా అవ్వ పుట్టిన ఊరు కృష్ణ ఒడ్డున, సంగమేశ్వరం గుడికి దగ్గర్లో ఉండేది. శ్రీశైలం డ్యాం నీళ్ళలో పోయింది. 1981లో ఊరు ఖాళీ చేయించినప్పుడు ఇల్లు కూల్చి, దూలాలు బండ్లమీద వేసుకుని వచ్చేసినారంట. ఒక్క ఫొటో కూడా లేదు. మొన్న మా చెల్లెలు ఫోన్లో మాట చెప్తే బొమ్మ గీసిచ్చే యాప్ చూపించింది. అవ్వ దాన్ని చాలాసేపు చూసి నన్ను పిలిచి, "అబ్బీ, అది మా ఇల్లు గీస్తాదా? నేను చెప్తా, నువ్వు దానికి చెప్పు" అనింది.

చెప్పినా. "రాయలసీమ పల్లె, రాతిగోడల మిద్దె, ముందర అరుగులు" అని తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ రాసినా. మొదటిసారి ఏటవాలు పెంకుల ఇల్లు, చుట్టూ కొబ్బరిచెట్లు వచ్చినాయి. పెంకులొద్దు, పైన చదునుగా ఉండాలంటే సిమెంటు పిట్టగోడ, నీలం రంగు గోడలు పెట్టింది. కొబ్బరిచెట్లు తీసెయ్ అంటే చెట్లు పోయినాయి గానీ వాటితో పాటు తలుపు ఇంకో పక్కకు పోయింది. అవ్వ ప్రతిసారీ తల అడ్డంగా ఊపుతాది. ఎట్లా అడిగితే సరిగ్గా వస్తాదో తెలిసినోళ్ళు చెప్పండి. ఆమెకు 78 ఏళ్ళు, నాకు తొందరగానే ఉంది.

చిప్‌సెట్
నువ్వు రాసింది చాలా తక్కువ బ్రో. వివరాలు గుప్పించు. గోడ ఎత్తు, రాయి రంగు, ఎన్ని స్తంభాలు, తలుపు ఎటు, అరుగు ఎంత, అన్నీ ఒకే పేరాలో పెట్టు. ఎంత ఎక్కువ చెప్తే అంత కరెక్ట్‌గా వస్తుంది.

కోనసీమ_సుబ్బలక్ష్మి
మా అమ్మమ్మగారిది అమలాపురం దగ్గర మండువా లోగిలి. నాకు దొరికిన దారి వేరు. ఇంటి ఫొటో లేకపోయినా ఆ ఇంట్లో జరిగిన పెళ్ళిళ్ళ ఫొటోలు ఉంటాయి కదా, వాటిలో మనుషుల వెనకాల చూడండి. మా పిన్ని పెళ్ళి ఫొటోలో వెనక రెండు స్తంభాలూ, మండువా అంచూ, నీళ్ళ గంగాళం పెట్టే గట్టూ దొరికాయి. చుట్టాలందరినీ అడగండి, ఒక్కరి దగ్గరైనా ఉంటుంది.

ఆత్మకూరు_అబ్బి
@కోనసీమ_సుబ్బలక్ష్మి అక్కా, అవ్వ పెళ్ళికి కెమెరా రాలేదు. కూల్చేటప్పుడు కూడా ఎవరూ తీయలేదు.
@చిప్‌సెట్ అట్లా కూడా చేసినా. పొడుగ్గా రాస్తే సగం వదిలేస్తాది. నాలుగు గుంజలంటే ఒకసారి ఆరు, ఒకసారి మూడు గీసింది.

మిద్దెమేస్త్రి
మిద్దె కట్టాలంటే మాత్రం ఇప్పుడు ఖర్చు మామూలుగా ఉండదు తమ్ముడూ. నాపరాయి బేతంచెర్ల నుంచి దొరుకుతుంది గానీ మంచి వేప దూలాలు దొరకవు. చవుడు మట్టి వేసేవాళ్ళు కూడా లేరు. స్థలం ఎక్కడ?

ఆత్మకూరు_అబ్బి
@మిద్దెమేస్త్రి అన్నా, కట్టడం కాదు, బొమ్మ.

మిద్దెమేస్త్రి
ఓహో. సరే, ఉంటా. మిద్దె గురించి ఏదన్నా కావాలంటే అడుగు, మా నాయన కాలంలో పదుల ఇళ్ళకు దంతెలు పరిచినాం.

గీతల_మాస్టారు
పాత ఇళ్ళ కొలతలు తీసి కాగితం మీద పెట్టడం నా పని. చిప్‌సెట్ చెప్పింది సగమే నిజం. ఆ యాప్‌కు వివరం కావాలి, కానీ మాటల్లో కాదు. అది మన మాట విని మనసులో ప్లాన్ వేసుకుని గీయదు. తనకు చూపించిన కోట్ల ఫొటోల్లో ఆ మాటల పక్కన ఏ ఆకారాలు ఎక్కువ కనిపించాయో వాటిని కలిపి మొత్తం బొమ్మ ఒక్కసారిగా అల్లుతుంది. దక్షిణాది పల్లె ఇల్లు అంటే నెట్లో ఎక్కువ ఉన్నవి పెంకుటిళ్ళూ, కొబ్బరిచెట్లూ. మట్టి మిద్దెల ఫొటోలు తక్కువ. అందుకే అటు జారిపోతుంది. చెట్లు తీసేయమంటే బొమ్మంతా మళ్ళీ అల్లుతుంది కాబట్టి తలుపు కదిలింది. లెక్కపెట్టడం కూడా దానికి సరిగా రాదు.

కాబట్టి వరస మార్చు. ముందు గీతల బొమ్మ మనిషి గీయాలి. దాన్ని యాప్‌కిచ్చి, దాని మీద రాయి, మట్టి, వెలుగు నింపమనాలి. ఆ గీతల బొమ్మ ఎక్కడి నుంచి వస్తుందంటే అవ్వ దగ్గర నుంచే. ఆమెను ఒక్క ప్రశ్న అడిగి రా: మీ ఇల్లు ఎన్ని అంకణాలు?

చిప్‌సెట్
అంకణం అంటే 36 చదరపు అడుగులు కదా మాస్టారూ? నెల్లూరులో ప్లాట్లు అలాగే అమ్ముతారు.

గీతల_మాస్టారు
స్థలం అమ్మేటప్పుడు ఆ లెక్క. మిద్దెలో ఒక దూలానికీ ఇంకో దూలానికీ మధ్య జాగా అంకణం. దాని వెడల్పు దంతె పొడుగును బట్టి ఉంటుంది. అది తెలిస్తే ఇంటి పొడుగు తెలుస్తుంది, గుంజలు ఎక్కడ నిలబడ్డాయో తెలుస్తుంది, గుంజలు తెలిస్తే లోపల ఏది ఎక్కడో మనిషికి గుర్తొస్తుంది.

ఆత్మకూరు_అబ్బి
మాస్టారూ, అడిగీ అడగకముందే చెప్పింది. "ఐదంకణాల ఇల్లురా మాది, మా పెద్దనాయన వాళ్ళది మూడే" అని. ఇన్ని రోజులుగా ఇల్లు ఎంత పెద్దదని అడిగితే "పెద్దదే" అనేది అంతే!

తర్వాత ఆమే చెప్పుకుంటూ పోయింది. వాకిలి తూర్పుకు. లోపలికి పోతే కుడిపక్క గాటిపాటి, ఎద్దులు కట్టేసే చోటు, నేల కిందికి ఉంటాది. ఎడమపక్క మనుషులుండే పడసాల, ఎత్తు మీద. వెనక వంటిల్లు, దానిమీద గవాచి. వానొస్తే ఎవరో ఒకరు మిద్దెక్కి గవాచికి బండ మూయాల. ఆ పని ఆమెదేనంట.

మిద్దెమేస్త్రి
ఐదంకణాలంటే బాగా బతికినోళ్ళే. మా పక్క దంతెలు ఆరడుగులకు అటూ ఇటూ ఉంటాయి. గోడ మందం రెండడుగులకు తగ్గదు, లోపలా బయటా రాయి, నడుమ చిన్న రాళ్ళూ మట్టీ. పైన దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెలో నాపబండలో, ఆపైన ఆకూ కంపా, ఆపైన మట్టి, అన్నిటికన్నా మీద చవుడు. ఆ చవుడు తడిస్తే ఉబ్బి సందులు మూసుకుపోతాయి, నీళ్ళు లోపలికి దిగవు. ఏటా వానలకు ముందు మళ్ళీ కొత్తది చల్లాల. పిట్టగోడ మోకాలెత్తు కూడా ఉండదు, నీళ్ళు పోయేదానికి దోనె బయటికి పొడుచుకొచ్చి ఉంటాది. నీ యాప్ దోనె గీసిందా?

ఆత్మకూరు_అబ్బి
@మిద్దెమేస్త్రి పీవీసీ పైపు గీసింది అన్నా.

డాలస్_పద్మ
ఇక్కడ చదువుతూ కూర్చున్నా, పని కావట్లేదు 🙂 మా అమ్మను కూడా ఇప్పుడే వీడియో కాల్‌లో అడిగా, ఎన్ని అంకణాలని. అనంతపురం దగ్గర వాళ్ళది నాలుగంట, ఠక్కున చెప్పింది.

గీతల_మాస్టారు
బాగుంది. ఇప్పుడు కొలతలు. మేస్త్రి గారు చెప్పిన ఆరడుగులు ఊహకు సరిపోతుంది, కానీ మీ చుట్టుపక్కల ఇంకా నిలబడి ఉన్న పాత మిద్దె ఒకటి వెతికి టేపు పెట్టి కొలువు. ఒకే కాలంలో, ఒకే చోట, ఒకే రకం వడ్రంగులు కట్టినవి దాదాపు ఒకే కొలతల్లో ఉంటాయి. అంకణం వెడల్పు, గోడ మందం, వాకిలి ఎత్తు, గాటిపాటికీ పడసాలకూ మధ్య ఎత్తు తేడా, ఈ నాలుగూ చాలు.

అవ్వను అడుగులూ మీటర్లూ అడగొద్దు. ఒంటితో అడుగు. పడసాల గట్టు మీకు ఎక్కడిదాకా వచ్చేది? దీపం గూడు అందేదా? ఆ జవాబు ఏ వయసు నాటిదో కూడా రాసుకో. ఆరేళ్ళ పిల్లకు రొమ్ముదాకా వచ్చిన గట్టు, పెళ్ళై పుట్టింటికొచ్చిన మనిషికి నడుందాకా కూడా రాదు.

పాతకాగితం
రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను. ముంపు ఇళ్ళకు పరిహారం ఇచ్చేటప్పుడు ఇంటికి విలువ కడతారు. అలా విలువ కట్టిన కాగితంలో ఇంటి పొడుగు వెడల్పులు, గోడ రకం, కలప రకం, తలుపులు కిటికీలు రాస్తారు. ఇల్లు ఎవరి పేరున ఉండిందో వాళ్ళ వారసుల ట్రంకుపెట్టెలో వెతకమనండి. లేకపోతే అవార్డు నెంబరు, ఊరి పేరు, ఇంటి యజమాని పేరు పెట్టి కర్నూలు కలెక్టరేట్లో సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. దొరుకుతుందని మాట ఇవ్వలేను. ఆ కాలపు ఫైళ్ళు చాలా చోట్ల చెదలు తిన్నాయి. గ్రామ పటంలో మాత్రం వెతకొద్దు, అందులో పొలాలకు సర్వే నెంబర్లు ఉంటాయి గానీ గ్రామకంఠం లోపల ఇళ్ళు విడివిడిగా ఉండవు.

నక్షత్రకుడు
ఇంకోటి. 1960 నుంచి 1972 దాకా అమెరికా కరోనా అనే గూఢచారి ఉపగ్రహాలతో ఫొటోలు తీసింది. 1995లో వాటి మీద రహస్యం ఎత్తేశారు. యూఎస్‌జీఎస్ సైటు EarthExplorer లో వెతకొచ్చు. మంచి వాటిలో రెండు మీటర్ల వస్తువు దాకా తెలుస్తుంది. డ్యాం నిండకముందువి కాబట్టి ఊరు ఊరుగానే ఉంటుంది. ముప్పై అడుగుల ఇల్లు కొన్ని చుక్కలే, కానీ వీధులు ఎటు తిరిగాయో, ఊరి బావి ఎక్కడో, ఏటికి ఎంత దూరమో కనిపిస్తాయి.

పోలవరం_పోరడు
ఈ దారం చదువుతుంటే కడుపులో ఏదో అవుతోంది. మాది దేవీపట్నం వైపు. మా ఇల్లు ఇంకా ఉన్నప్పుడే నేను చుట్టూ తిరిగి వీడియో తీశా, కానీ కొలతలు తీయాలని తట్టలేదు. పోలవరం డ్యాం నీటిమట్టం లెక్కలో 41.15 మీటర్ల గీత కింద ఉన్నవాళ్ళం ముందు కదిలాం. 45.72 గీత కింద ఇంకా ఊళ్ళున్నాయి. అక్కడి వాళ్ళెవరైనా ఇది చదివితే ఇప్పుడే టేపు పట్టుకోండి. ప్రతి గదికీ నాలుగు మూలల నుంచీ ఫొటో, గోడ పక్కన ఒక మనిషిని నిలబెట్టి తీయండి.

చిప్‌సెట్
@నక్షత్రకుడు సూపర్ టిప్ అన్నా. నేను ఇప్పుడే ఓపెన్ చేశా, మా ఊరు కనిపించింది, మా చెరువు అప్పట్లో ఇప్పటికన్నా రెండింతలు ఉంది.

ఆత్మకూరు_అబ్బి
ఆదివారం ఒక ఊళ్ళో పాత మిద్దె కొలిచినా. అంకణం ఆరడుగులు, గోడ రెండడుగుల మీద కొంచెం, వాకిలి వంగి పోవాల్సినంత. పడసాల గట్టు అడుగున్నర. ఇంటాయన మజ్జిగ ఇచ్చి, ఎందుకని కూడా అడగకుండా టేపు రెండో కొస పట్టుకున్నాడు.

ఇంటికొచ్చి వరండాలో సుద్దతో ఐదంకణాలు నిజం కొలతకు గీసినా. ముప్పై అడుగులు పట్టలేదు, వీధిలోకి పోయింది. అవ్వ చెప్పులిప్పి గీత లోపలికి వచ్చింది. "ఇక్కడ కుండల దొంతి, ఇక్కడ ఇసుర్రాయి, ఇక్కడ జొన్నల పాతర, మీద బండ" అని ఒక్కో చోట నిలబడి చెప్పింది. కూర్చోబెట్టి అడిగినప్పుడు పాతర మాటే రాలేదు.

దాన్ని కాగితంమీద నల్లపెన్నుతో వాకిలి నుంచి లోపలికి చూసినట్టు గీసి, నిటారుగా ఫొటో తీసి యాప్‌కిచ్చినా. ఈసారి గుంజలు ఉన్నచోటే ఉన్నాయి.

గీతల_మాస్టారు
ఇప్పుడు రెండు మాటలు. గీతలకు ఎంత కట్టుబడి ఉండాలో చెప్పే మీట ఆ యాప్‌లో ఉంటే గట్టిగా పెట్టు. ఏదన్నా మార్చాలంటే బొమ్మంతా అడగకు. ఆ ముక్క వరకే వేలితో రుద్ది ఎంచుకుని మార్చమనే వీలుంటుంది, అది వాడు. ఒకసారికి ఒకటే మార్చు. గవాచి అని పేరు చెప్పకు, పైకప్పులో జానెడు చదరపు రంధ్రం, దాన్లోంచి ఎండ కిందికి దిగుతోంది అని ఆకారం చెప్పు.

బెజవాడ_నాయనమ్మ_మనవరాలు
నాకు ఒక అనుమానం, అడగకుండా ఉండలేకపోతున్నా. మనం చూపించిన బొమ్మే ఆమె జ్ఞాపకం అయిపోతే? మా తాతయ్యకు పాత ఫొటోకు ఎవరో రంగులు వేసిచ్చారు, వాళ్ళమ్మ చీర ఆకుపచ్చగా. అంతకుముందు ఎప్పుడూ చీర రంగు చెప్పని మనిషి, ఆర్నెల్ల తర్వాత "మా అమ్మ ఆకుపచ్చ చీర కట్టేది" అన్నారు. అది ఎవరో కంప్యూటర్లో వేసిన రంగు. డెబ్భై ఏళ్ళు మోసుకొచ్చిన ఇంటిని మనం చేతులారా చెరిపేస్తున్నామేమో. నా మాట అడిగితే గీతల బొమ్మ దగ్గరే ఆపెయ్యండి.

డాలస్_పద్మ
ఆమే అడిగింది కదండీ, గీయమని. ఆమె కోరిక మనం ఎందుకు ఆపాలి?

కోనసీమ_సుబ్బలక్ష్మి
నాకూ పద్మగారి మాటే నచ్చింది. కొద్దిగా తేడా ఉన్నా చూసి సంతోషపడితే చాలదా.

బెజవాడ_నాయనమ్మ_మనవరాలు
చాలదు అండీ. ఆమె సంతోషం కోసం బొమ్మ అడగలేదు, "మా ఇల్లు" అడిగింది.

గీతల_మాస్టారు
మనవరాలి భయం నిజమైనదే. నేను చూసినంతలో పూర్తిగా తప్పు బొమ్మ ఏ హానీ చేయదు. అబ్బి చూపించిన పెంకుటింటికి అవ్వ తల అడ్డంగా ఊపింది చూడు, మనిషి ఎదురుతిరిగి ఇది కాదు, మాది ఇలా ఉండేది అని ఇంకా చెప్తుంది. ప్రమాదమంతా దాదాపు సరిపోయిన బొమ్మతో. గోడలు, గుంజలు సరిపోయాక అందులో యాప్ సొంతంగా పెట్టిన చిలక్కొయ్యకూ, ముగ్గుకూ కూడా ఔనని తల ఊపేస్తారు. ఆ తర్వాత ఆ చిలక్కొయ్య వాళ్ళ ఇంట్లో ఉన్నట్టే.

అందుకని నేను పాటించేది ఇది. రంగుల బొమ్మ చూపించక ముందే ఆమె చెప్పినవన్నీ ఆమె గొంతుతో రికార్డు చేసుకుని తేదీ వేసి పెట్టు. బొమ్మలో ఆమె చెప్పని వస్తువు ఏదున్నా చూపించేముందే తుడిచెయ్. తెలియని గోడ ఖాళీగా వదిలెయ్, మట్టిరంగు మాత్రమే. ఇంకా బతికున్న తోడబుట్టినవాళ్ళుంటే వాళ్ళను విడిగా అడుగు, ఒకరి మాట ఒకరు వినకుండా.

చిప్‌సెట్
ఇది నాకు తెలీదు, నోట్ చేసుకున్నా. ఇంకో మాట, అవ్వ ఫొటో యాప్‌లోకి ఎక్కించి "ఈమెను ఇంట్లో కూర్చోబెట్టు" అనకు. ఆ ఫొటో ఎక్కడ దాచుకుంటారో తెలియదు, పైగా ముఖం మారిపోయి ఎవరో లాగా వస్తుంది.

ఆత్మకూరు_అబ్బి
మాస్టారూ, మీరు చెప్పినట్టే కర్నూల్లో ఉన్న చిన్నవ్వను విడిగా అడిగినా. ఐదంకణాలు, గాటిపాటి కుడిపక్క, పాతర, అన్నీ కలిసినాయి. రెండు కలవలేదు. నీళ్ళు పోసుకునే జాలాడి వెనక ఎడమమూలన అని అవ్వ, కుడిమూలన అని చిన్నవ్వ. పొయ్యి సరిగ్గా గవాచి కిందనే అని అవ్వ, కాదు గోడవారగా అని చిన్నవ్వ. ఫోన్లో కలిపితే కాసేపు కొట్లాడుకున్నారు, తర్వాత ఎవరి పెళ్ళిలో ఎవరు ఏడ్చినారో మాట్లాడుకున్నారు, నేను పక్కకొచ్చేసినా.

పరిహారం కాగితం మా మామ వాళ్ళింట్లో వెతికిస్తున్నా. నోటీసు ఒకటి దొరికింది, దాంట్లో డబ్బు మాత్రమే ఉంది, కొలతల్లేవు. అర్జీ పెడతా.

మిద్దెమేస్త్రి
జాలాడి నీళ్ళు బయటికి పోవాల కదా. ఇంటి వెనక పల్లం ఎటుందో అడుగు. నీళ్ళు ఎగువకు పోవు. పెరట్లో అరటిచెట్టో కరివేపాకో ఉండేదేమో కూడా అడుగు, అవి జాలాడి నీళ్ళకే పెడతారు.

పాతకాగితం
మేస్త్రి గారి ప్రశ్న బాగుంది. వేసవిలో నీళ్ళు బాగా తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు కొన్ని ఊళ్ళ పునాదిరాళ్ళు కూడా కనపడతాయి. డ్యాం నిండు మట్టం 885 అడుగులు, మీ ఊరు ఏ ఎత్తులో ఉండేదో పాత టోపో షీటులో చూస్తే బయటపడే అవకాశం ఉందో లేదో తేలుతుంది. పునాది దొరికితే పల్లం అక్కడే కనపడుతుంది. ఒండ్రు మట్టిలో కాలు దిగబడుతుంది, ఒంటరిగా పోవద్దు, అవ్వను అసలే తీసుకుపోవద్దు.

గీతల_మాస్టారు
పొయ్యి సంగతికి ఇంకో దారి ఉంది. వంటింట్లో గవాచి ఎండ ఏ పూట ఎక్కడ పడేదో ఇద్దర్నీ విడివిడిగా అడుగు. మీ ప్రాంతంలో ఏప్రిల్ చివర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, అప్పుడు ఎండ రంధ్రం కిందనే పడుతుంది. పొద్దున అయితే పడమటి గోడమీద. ఎండాకాలం మధ్యాహ్నం అన్నం వండేటప్పుడు ఎండ పొయ్యి మీద పడేదా, వండేవాళ్ళ వీపు మీద పడేదా, పక్కన నేలమీదా? ఆ ప్రశ్నలో పొయ్యి ఎక్కడుందని అడగకు. జవాబు దానంతటదే వస్తుంది. ఇద్దరూ మళ్ళీ రెండు రకాలు చెప్తే రెండు బొమ్మలు గీయించు, ఒక్కోదాని వెనక ఎవరు చెప్పారో పేరు రాయి.

బెజవాడ_నాయనమ్మ_మనవరాలు
రెండు బొమ్మలైతే నాకు అభ్యంతరం లేదు.

ఆత్మకూరు_అబ్బి
అవ్వ ఇప్పుడు పడుకుంది, రేప్పొద్దున అడుగుతా. చిన్నవ్వకు ఫోన్ చేసేముందు ఇద్దరూ మాట్లాడుకోకుండా చూడాల, అది కష్టమే, ఆ జాలాడి గొడవ నుంచి రోజూ ఒకరికొకరు ఫోన్ చేసుకుంటున్నారు.